ఉభయ కుశలోపరి

పదో తరగతి తెలుగు పరీక్ష రాసినవాళ్లలో చాలామంది, హాస్టల్ గడప తొక్కకపోయినా, హాస్టల్ నుంచి ఇంటికి ఒక ఉత్తరం రాసే ఉంటారు. కుడి పక్కన పైన ఊరు పేరు, దాని కింద తేదీ. 'పూజ్యులైన అమ్మగారికి' అని మొదలుపెట్టాలి. నేనిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను. బాగా చదువుతున్నాను. విహారయాత్రకు తీసుకెళ్తున్నారు, డబ్బు పంపగలరు. ఇట్లు మీ ప్రియమైన కుమారుడు. కింద ఒక గడి గీసి అందులో చిరునామా. తేదీకి, సంబోధనకు, సంతకానికి, చిరునామాకు విడివిడిగా మార్కులుంటాయి కాబట్టి లోపల ఏమీ చెప్పకపోయినా పాసైపోవచ్చు. ఇప్పుడు ఇళ్లకు ఉత్తరాలు రావు. పోస్టుమ్యాన్ తెచ్చేవి బ్యాంకు కాగితాలు, కోర్టు నోటీసులు. తెలుగు కొడుకు తల్లికి రాసే ఉత్తరం జవాబుపత్రంలో తప్ప ఎక్కడా బతికి లేదు. ఆ చట్రం ఎన్ని విషయాలను మోయగలదన్న సందేహం కొంతకాలంగా నన్ను వదలడం లేదు. కర్నూల్లోనో కడపలోనో హాస్టల్ గదిలో ఒక కుర్రవాడు నిజంగానే కాగితం తీసుకుని, క్షేమ సమాచారం రాశాక, 'ఇక రాయునది ఏమనగా' దగ్గర ఆగి, తాను మగవాళ్లనే ప్రేమించగలనని తల్లికి చెప్పాలనుకుంటే ఏం రాస్తాడు?

చేతిలో ఫోనుండగా ఉత్తరమెందుకని వెంటనే అడగొచ్చు. ఫోనుకు ఒక గుణం ఉంది. మాట చెవిన పడ్డ క్షణంలోనే జవాబు కావాలంటుంది. తల్లి ఊ కొట్టకపోతే 'వినపడుతోందా' అని అడుగుతాం. ఇలాంటి మాట విన్న మనిషి నోట మొదట వచ్చేది ఆమె ఆలోచన కాదు, ఆమె భయం. కానీ ఆ మొదటి మాటనే కొడుకు ఏళ్ల తరబడి మోస్తాడు. అన్నందుకు తల్లీ మోస్తుంది. ఉత్తరం ఆ మొదటి మాటను ఎవరి చెవినా పడనివ్వదు. ఆమె తిట్టుకున్నా ఏడ్చినా దొడ్లోనే, పొయ్యి ముందే జరిగిపోతుంది. కొడుకు దగ్గరికి చేరేసరికి అది రెండో మాటో పదో మాటో అవుతుంది. కాబట్టి ఉత్తరం రాయడం పిరికితనమని నేననుకోను. తల్లికి గడువు ఇవ్వడం అది. అయితే గడువు ఒక్కటే చాలదు, లోపల ఏముందన్నదీ ముఖ్యమే. నాకు తోచింది చెబుతాను, తర్వాత దాన్ని నేనే తిరగేసి చూస్తాను: ఇలాంటి ఉత్తరంలో 'నేను గే' అన్న మాట కన్నా 'నేను ఏ ఆడపిల్లనూ పెళ్లి చేసుకోను' అన్న వాక్యానికే బరువెక్కువ. మొదటిది లేకున్నా ఉత్తరం నిలబడుతుంది. రెండోది లేకపోతే, ఎంత అందంగా రాసినా తల్లి చేతికి అందేది ఒక దిగులు మాత్రమే.

మాట సంగతి ముందు చూద్దాం. ఆ కుర్రవాడి చేతిలో ఉన్న తెలుగు మాటలేమిటి? హాస్టల్ వరండాలో వినపడేవి అతనికి బాగా తెలుసు: తేడా, ఆడంగి, మాడా, పాయింట్ ఫైవ్. ఇందులో 'తేడా' చూడండి. లెక్కల్లోనూ, సరుకుల తూకంలోనూ వాడుకునే అమాయకమైన మాట. దాన్ని మనిషికి తగిలించి, కన్ను గీటి, సినిమాలో నవ్వించి, చివరికి తిట్టుగా చేశాం. మిగతావి ఆడతనాన్నో, హిజ్రాలనో చిన్నచూపు చూస్తూ పుట్టినవి. అవి ఈ కుర్రవాడికి వర్తించవు కూడా. ఇక పత్రికలు వాడే మర్యాద మాట 'స్వలింగ సంపర్కుడు'. సంస్కృతం కాబట్టి గౌరవంగా వినిపిస్తుంది. కానీ విడదీసి చూస్తే అందులో ఉన్నది అవయవమూ, తాకిడీ. పోలీసు స్టేషన్లో రాసుకున్న ఫిర్యాదులా ఉంటుంది. ఏ కొడుకైనా తల్లికి రాసే ఉత్తరంలో ఆ రెండు మాటలు పెడతాడా? 'ఫలానా అమ్మాయంటే ఇష్టం' అని చెప్పుకునే కొడుకు శరీరం ఊసే ఎత్తడు. ఇతను మాత్రం ఎత్తితే గానీ విషయం చెప్పలేడా? 'గే' పొట్టిది, శుభ్రమైనది. పట్నంలో నలుగురికీ తెలుసు. మైదుకూరు పక్క పల్లెలో పసుపు ఉడకబెట్టే ఇంట్లో మాత్రం దానికి అర్థం చెప్పేవాడు మరొకడు కావాలి. ఆ చెప్పేవాడు ఎలాంటివాడో మనకు తెలియదు.

మాట దొరకని తల్లి ఇక్కడే కాదు, ఎక్కడైనా ఉంది. 1935లో అమెరికాలో ఒక తల్లి తన కొడుకు గురించి వియన్నాలోని సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు ఉత్తరం రాసింది. ఆయన ఏప్రిల్‌లో ఇంగ్లిషులో జవాబిచ్చాడు. జవాబు మొదట్లోనే ఒక సంగతి పట్టుకున్నాడు. మీ కొడుకు ఎలాంటివాడో నాకర్థమైంది గానీ, ఆ మాటను మీరెక్కడా వాడలేదు, ఎందుకు తప్పించుకున్నారని అడిగాడు. తర్వాత ఇది సిగ్గుపడాల్సినది కాదని, దుర్గుణమూ కాదని, జబ్బుగా లెక్కించలేమని రాశాడు. మార్చగలరా అన్నదానికి, అలాంటి మాట ఇవ్వలేనని చెప్పాడు. ఆ తల్లి ఆ కాగితాన్ని ఏళ్ల తరబడి దాచుకుని, తర్వాత పేరు చెప్పకుండా ఆల్ఫ్రెడ్ కిన్సీ అనే పరిశోధకుడికి పంపింది. 1951లో అది అచ్చయింది. ఈ కథలో నన్ను ఆపేది ఫ్రాయిడ్ ఉదారత కాదు. ఆ తల్లి మాట వాడకుండానే ఉత్తరం రాసింది, ఆయనకు అర్థమైంది. మాట లేకపోవడం వల్ల విషయం ఆగలేదు. తెలుగులోనూ ఆగనక్కర్లేదు. 'మనసు పోవడం' అని మనకొక పలుకుబడి ఉంది. 'అమ్మా, నాకు ఆడపిల్లల మీద మనసు పోదు. మగవాళ్ల మీదే పోతుంది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంతే.' ఇందులో తిట్టు లేదు, సంస్కృతం లేదు, ఇంగ్లిషు లేదు. అర్థం చెప్పడానికి మూడో మనిషి అక్కర్లేదు.

అయితే ఇక్కడితో ఆపితే ఏమవుతుంది? ఒక కుర్రవాణ్ణి ఊహించుకుందాం. కర్నూల్లో ఇంజనీరింగ్ రెండో ఏడు. ఊరు కేసీ కాలువ చివరి నీళ్లు తాగే మైదుకూరు వైపు. నాయన రెండెకరాల్లో పసుపు, వరి. చెల్లెలు పదో తరగతి. ప్రొద్దుటూరులో మేనమామ. ఆ మామకు ఒక కూతురు. సీమ ఇళ్లలో మేనరికం గురించి కొత్తగా చెప్పేదేముంది, పిల్ల పుట్టినప్పుడే 'మా అబ్బోడికే' అనేస్తారు. పెద్దయ్యాక ఆ మాట నిలబడినా నిలబడకపోయినా, దాన్ని ఇన్నాళ్లూ మోసేది మాత్రం ఆ తల్లే. ఆమెకు అది కొడుకు పెళ్లి ఒక్కటే కాదు. అత్తింట్లో ఇరవై ఏళ్లు గడిచాక కూడా పుట్టింటి గడప తనకు తెరిచే ఉంటుందనే భరోసా. అన్న కూతురు కోడలైతే ముసలితనంలో తన మనిషే తనకు అన్నం పెడుతుంది. కాబట్టి 'నాకు మగవాళ్ల మీద మనసు పోతుంది' అన్నది చదివాక ఆమె మనసులో మెదిలే ప్రశ్న 'నా కొడుకు ఎలాంటివాడు' అన్నది కాకపోవచ్చు. 'మా అన్నకు ఏం చెప్పాలి' అన్నది కావచ్చు. కొడుకు మనసు గురించి రాశాడు, ఆమె సంబంధం గురించి చదువుకుంది. మనసు మారుతుంది, పెళ్లయితే సర్దుకుంటుంది, కుర్రతనం ఎవరికి లేదు అని నచ్చజెప్పుకోవడానికి ఆమెకు లోకమంతా సాయం వస్తుంది. ఆ సందు మూసేది ఒక్క వాక్యమే: 'మామ కూతురినే కాదు, ఏ అమ్మాయినీ నేను చేసుకోను. చేసుకుంటే ఆ పిల్ల గొంతు కోసినవాణ్ణవుతాను.' కఠినంగా ఉందా? ఉంది. కానీ ఇది తల్లిని అడగడం లేదు, ఒప్పించడం లేదు, తానేం చేయడో చెబుతోంది. పైగా ఇందులో ఆమె అన్న కూతురి మేలు ఉంది. తల్లి ముందుగా అర్థం చేసుకోగలిగేది ఆ మేలునే అని నా అనుమానం. మొగుడు కన్నెత్తి చూడని ఆడదాని బతుకెలా ఉంటుందో ఆమె ఎక్కడో ఒక ఇంట్లో చూసే ఉంటుంది.

దీనికి అడ్డొచ్చే మొదటి మాట నాకు తెలుసు: పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి. నిజానికి ఇది వాదన కాదు, వైద్యం. సీమలో తాగుడుకూ, తిరుగుడుకూ, దిగులుకూ, కోపానికీ ఇదే మందు. మందు పని చేయకపోతే రోగం ముదిరిందంటారు గానీ మందు తప్పంటారా? అందుకే పెళ్లికి ముందో తర్వాతో డాక్టరు దగ్గరికో, తాయెత్తు కట్టేవాడి దగ్గరికో ప్రయాణం మొదలవుతుంది. బస్టాండు గోడల మీద 'రహస్య వ్యాధులకు చికిత్స' అని అంటించిన కాగితాలు ఎవరికోసమో ఊరికే ఉండవు. ఇక్కడ కుర్రవాడి ఉత్తరంలో నాలుగు గట్టి వాక్యాలు ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల జాబితా నుంచి 1990లోనే తీసేసింది. మన దేశంలో మానసిక వైద్యుల సంఘం ఇది మానసిక రుగ్మత కాదని 2018లో బాహాటంగా చెప్పింది. 'మారుస్తాం' అంటూ చేసే చికిత్సను నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో డాక్టరు వృత్తిధర్మం తప్పడంగా లెక్కగట్టింది. అంటే మారుస్తానని డబ్బు తీసుకున్న డాక్టరే తప్పు చేసినవాడు, కుర్రవాడు కాదు.

ఈ 2022 నిర్ణయం వెనుక ఉన్న కథ మన పక్క రాష్ట్రానిదే, తల్లిదండ్రులతో మొదలైనదే. మదురైకి చెందిన ఇద్దరు యువతులు ఒకరినొకరు ప్రేమించుకుని చెన్నై వెళ్లిపోయారు. పిల్లలు కనపడటం లేదని రెండు ఇళ్లవాళ్లూ పోలీసులకు ఫిర్యాదు చేశారు. రక్షణ కోరుతూ యువతులు మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ముందుకు కేసు వచ్చింది. ఆయన చేసిన పని మామూలుగా జడ్జీలు చేసేది కాదు. ఈ విషయం తనకే సరిగా తెలియదని, తనలోనూ పాత అభిప్రాయాలే ఉన్నాయని ఒప్పుకుని, ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. 2021 జూన్ 7న ఇచ్చిన ఉత్తర్వులో, మార్చే చికిత్సలను ఆపాలన్నాడు. తర్వాత కూడా కేసును మూసేయకుండా వెంటపడితే మెడికల్ కమిషన్ కదిలింది. యాభై ఏళ్లు దాటిన, చట్టం చదివిన మనిషికి అర్థం కావడానికి కొన్ని నెలలు, కొందరి సాయం కావలసి వచ్చింది. ఆ లెక్కన మైదుకూరు తల్లికి ఎంత గడువు ఇవ్వాలి? కొడుకు ఉత్తరం చివర 'నువ్వు అర్థం చేసుకుంటావని ఆశిస్తాను' అని రాయడం కన్నా, 'అర్థం కాకపోతే ఇప్పుడే చెప్పొద్దు, దీపావళికి మాట్లాడదాం' అని రాస్తే మేలనిపిస్తుంది. ఆమె ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే ప్రభుత్వమే నడిపే టెలి మానస్ ఉంది, నంబరు 14416, తెలుగులోనూ పలుకుతారు. ఆ అయిదు అంకెలు ఉత్తరం అడుగున రాసి పెట్టడం, గోడ మీద కాగితం చూపించే డాక్టరు కన్నా ముందు ఆమె దగ్గరికి చేరడమే.

రెండో అడ్డు: ఇదంతా పడమటి గాలి, మన సంస్కృతిలో ఎక్కడుంది? దీనికి జవాబుగా చాలామంది శిల్పాలు, పురాణాలు తవ్వితీస్తారు. నాకు ఆ దారి మీద నమ్మకం తక్కువ. కర్నూలు జిల్లాలోనే ఆదోని మండలం సంతేకుడ్లూరులో హోళీకి మగవాళ్లు చీర కట్టి, నగలు పెట్టుకుని రతీమన్మథులను పూజిస్తారు. దాన్ని చూపించి 'చూశారా మన సంప్రదాయం' అనడం తేలికే. కానీ అది మొక్కు. మొక్కు తీరాక చీర మడిచి పెట్టేసి మళ్లీ మామూలుగా పొలానికి పోతారు. ఆ ఇంటి కొడుకే ఇలాంటి ఉత్తరం రాస్తే, చీర కట్టిన తండ్రి ఓర్చుకుంటాడన్న హామీ లేదు. నేను చెప్పేది ఇంకొకటి. మొదట దీన్ని నేరం చేసిన చట్టం ఎక్కడిది? భారత శిక్షాస్మృతి 1860లో వచ్చింది, 1862 నుంచి అమలయింది. అదే దశకంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఇంగ్లిషు కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలుపెట్టి కర్నూలు నుంచి కడప దాకా కేసీ కాలువ తవ్వింది. కంపెనీ లాభం చూడలేక 1882లో కాలువను ప్రభుత్వానికి అమ్ముకుని పోయింది. కాలువ నీళ్లు తాగి తాగి అది మనదే అయింది, ఎవరూ దాన్ని పడమటిదనరు. 377వ సెక్షను కూడా అదే ఓడలో వచ్చింది. దాన్నీ అలాగే తాగి మనదే అనుకున్నాం. విదేశీ సరుకు ఏదన్న లెక్క తీస్తే కుర్రవాడి మనసు ఆ జాబితాలో ఉంటుందో లేదో గానీ, ఆ సెక్షను మాత్రం పైవరుసలోనే ఉంటుంది.

ఆ సెక్షను ఉన్నన్నాళ్లూ ఇలాంటి ఉత్తరానికి ఇంకో ప్రమాదం ఉండేది. కింద సంతకం ఉంటుంది కదా. సంతకం పెట్టిన కాగితం ఎవరి చేతిలోనైనా పడితే అది నేరం ఒప్పుకున్నట్టుగానే కనిపించేది. 2009లో ఢిల్లీ హైకోర్టు ఊపిరి పోసింది, 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని తీసేసింది. ఆ తర్వాత 2018 మేలో ఐఐటీలలో చదివిన, చదువుతున్న ఇరవై మంది తమ పేర్లతోనే సుప్రీంకోర్టుకు పిటిషను వేశారు. పిటిషనుదారుల్లో మొదటి పేరు అన్వేష్ పొక్కులూరి, ఒక తెలుగు పేరు. హాస్టల్ గదుల్లో నలిగినవాళ్ల సంతకాలవి. నా దృష్టిలో అది కూడా హాస్టల్ నుంచి రాసిన ఉత్తరమే, చిరునామా మాత్రం కోర్టుది. పత్రికల్లో పేరు పడితే ఇంటికీ చేరుతుందని తెలిసే పెట్టిన సంతకాలు. ఆ ఏడు సెప్టెంబరు 6న అయిదుగురు జడ్జీలు ఒకే మాటగా, ఇష్టపడ్డ పెద్దవాళ్ల మధ్య ఇది నేరం కాదని చెప్పారు. కాబట్టి ఇవాళ్టి కుర్రవాడు సంతకానికి భయపడనక్కర్లేదు. ఇంకో వైపూ నిజాయితీగా రాయాలి. 'మరి ఎవరైనా అబ్బాయినే చేసుకుంటావా' అని తల్లి అడిగితే, చట్టం ఇంకా దానికి చోటివ్వలేదనే చెప్పాలి. హైదరాబాదులో కలిసి ఉంటున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ ముందుండి వేసిన కేసులో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు, పెళ్లి సంగతి పార్లమెంటు చూసుకోవాలంది. లేని ఆశ చూపించి రాసిన ఉత్తరాన్ని తల్లి రెండోసారి చదవదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇవేవీ కావు. అసలు చెప్పడమెందుకు? ఇరవై ఏళ్లవాడు ఇప్పుడే చెప్పి ఏం బావుకుంటాడు? దీన్ని నేను తేలిగ్గా తోసేయలేను. హాస్టల్ కుర్రవాడు తన తిండి తాను తినడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లు ఆ తిండి డబ్బు అక్షరాలా తల్లి చేతి మీదుగా వచ్చింది. 2020 ఫిబ్రవరిలో మొదలైన వసతి దీవెన పథకంలో ఐటీఐ వాళ్లకు ఏడాదికి 10 వేలు, పాలిటెక్నిక్‌కు 15 వేలు, డిగ్రీ ఇంజనీరింగ్‌లకు 20 వేలు రెండు విడతలుగా తల్లి ఖాతాలో పడేవి. నాయన తాగేస్తాడని కాబోలు, తల్లి పేరు పెట్టారు. ఈ ఏర్పాటులోని చిత్రం గమనించారా? ఉత్తరం అందుకునే మనిషీ, మెస్ బిల్లు కట్టే మనిషీ ఒకరే. పథకాలు మారినా ఆ సంగతి మారలేదు. తల్లి మంచిదే కావచ్చు, కానీ ఇంట్లో నాయన ఉన్నాడు, పెదనాయన ఉన్నాడు. 'చదువు చాలు, ఇంటికి రా' అనే మాట ఎవరి నోటి నుంచైనా రావచ్చు. కాబట్టి పరీక్ష ఫీజు కట్టకముందు, ఆ ఏటి మెస్ డబ్బు తీరకముందు, పసుపు మార్కెట్టుకు పోకముందు ఉత్తరం కదలకూడదు. సంబంధం మాటలు మొదలవక ముందు కదలాలి. ఆ రెండింటి మధ్య ఉన్న సందే ఉత్తరానికి సరైన తేదీ. ఆ సందు లేకపోతే ఆగడమే తెలివి, ఆగినంత మాత్రాన అబద్ధమాడినట్టు కాదు. ఒక దన్ను మాత్రం ఉంది. ర్యాగింగ్ నిషేధ నిబంధనలకు యూజీసీ 2016లో చేసిన సవరణలో, ఎవరిని ఇష్టపడతారన్నదాన్ని పట్టుకుని వేధించడం కూడా ర్యాగింగే అని చేర్చారు. ఇంట్లో గొడవైనప్పుడు హాస్టల్ ఒక్కటే తల దాచుకునే చోటు కావచ్చు, ఆ చోటైనా నిలబడాలి కదా.

అయినా ఎందుకు చెప్పాలన్నది మిగిలే ఉంది. నాకు దొరికిన జవాబు పెళ్లి దగ్గరే. చెప్పకపోతే అతను మౌనంగా ఉండిపోవడం కుదరదు, ఏదో ఒక రోజు సంబంధం చూస్తారు. అప్పుడు రోజుకో అబద్ధం కావాలి: ఉద్యోగం రానీ, పిల్ల నచ్చలేదు, జాతకం కుదరలేదు. ప్రతి అబద్ధానికీ ఇంకో ఇంటి ఆడపిల్ల వంక పెట్టించుకుని వెనక్కి పోతుంది. చివరికి ఎవరో ఒకరి మెడలో తాళి పడుతుంది. అంటే మౌనం ఖరీదును అతనొక్కడే కట్టడం లేదు.

ఇక చెల్లెలి పెళ్లి. అన్న సంగతి ఊరికి తెలిస్తే ఆ పిల్లకు సంబంధాలు రావన్న భయం ఊహ కాదు, సీమలో అది లెక్కే. దీనికి మామూలుగా చెప్పే పరిష్కారం 'ఎవరికీ చెప్పొద్దమ్మా'. ఇక్కడ కుర్రవాడు ఒక్క నిమిషం ఆగాలి. తాను పదేళ్లు మోసి, మోయలేక దించుకున్న బరువును తల్లి తలకెత్తి, నోరు విప్పొద్దంటున్నాడు. అతనికి హాస్టల్లో ఒక్క స్నేహితుడైనా ఉండి ఉంటాడు. ఆమెకు ఎవరున్నారు? 'నువ్వు నమ్మే ఒక్క మనిషికి చెప్పుకో, ఎవరో నన్ను అడగొద్దు' అని రాస్తే ఎలా ఉంటుంది? బహుశా ఆమె తన చెల్లెలికే చెప్పుకుంటుంది. గుట్టు ఒక్క గడప దాటితే బయటపడిపోతుందన్న వాదనలో పస ఉంది, కాదనను. కానీ ఒంటరిగా మోసిన తల్లి కన్నా, ఒకరితో పంచుకున్న తల్లి తొందరగా తేరుకుంటుందనడానికి మన దేశంలోనే సాక్ష్యం ఉంది. సుప్రీంకోర్టులో 377 కేసు మొదటిసారి నడిచినప్పుడు మిన్నా శరణ్‌తో కలిపి 19 మంది తల్లిదండ్రులు మా పిల్లలు నేరస్థులు కారంటూ కేసులో చేరారు. 2023లో పెళ్లి కేసు నడుస్తుండగా 'స్వీకార్' అనే తల్లిదండ్రుల బృందం తరఫున నాలుగు వందల మందికి పైగా ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. పిల్లలు తల్లులకు రాసిన ఉత్తరాలు చివరికి తల్లులు రాసే ఉత్తరాలయ్యాయి. ఇంట్లో ఒక్కరే కూర్చుని ఉంటే వాళ్లు అక్కడిదాకా వచ్చేవాళ్లు కాదేమో. తమలాంటి ఇంకో తల్లిని కలుసుకున్నాకే వచ్చి ఉంటారు.

ఇంతా రాశాక ఒక చిక్కు మిగిలింది. పరీక్షలో గడి గీసి 'చిరునామా' అని రాసిన చోట దీని గురించి ఎవరూ చెప్పలేదు: ఉత్తరాన్ని చదివేదెవరు? 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా ఆడవాళ్లలో చదవగలిగినవాళ్లు సగం మందే, కడపలో సగానికి కొంచెం ఎక్కువ. ఇరవై ఏళ్ల కొడుకున్న తల్లుల్లో ఇంకా తక్కువే ఉంటారు. ఆమెకు చదువు రాకపోతే, పదో తరగతి చెల్లెలు గట్టిగా చదివి వినిపిస్తుంది, లేదా నాయన అద్దాలు పెట్టుకుంటాడు. వాయిస్ మెసేజ్ పంపితే వంటింట్లో స్పీకరు మీద మోగుతుంది. అప్పుడు తల్లికి ఇద్దామనుకున్న గడువంతా గంగలో కలుస్తుంది. ఇలాంటి ఇంటికి ఒక్కటే దారి కనిపిస్తుంది. రాసిన కాగితాన్ని జేబులో పెట్టుకుని, బడికి సెలవు లేని రోజు చూసుకుని ఇంటికి పోవాలి. మధ్యాహ్నం నాయన పొలంలో, చెల్లెలు బడిలో ఉన్న వేళ తల్లి పక్కన కూర్చుని, ఆమె ముఖం చూడకుండా, తాను రాసింది తానే చదవాలి. చూసి చదవడంలో ఒక సౌకర్యం ఉంది. కళ్లు కాగితం మీద ఉంటాయి, మాట తడబడదు, పెళ్లి వాక్యం దగ్గర వెనక్కి తగ్గడానికి వీల్లేదు. మొదటి మాట వినకుండా ఉండడం మాత్రం కుదరదు, ఆ సంగతి ముందే తెలిసి వెళ్లాలి. చదివాక కాగితం మడిచి ఆమె చేతికే ఇచ్చి లేవాలి. ఆమెకు అది చదవడం రాదు. బియ్యం డబ్బాలో దాచుకుంటుందో, పొయ్యిలో వేస్తుందో ఆమె ఇష్టం. ఒకవేళ దాచుకుంటే, ఏ రోజున, ఎవరి చేత మళ్లీ చదివించుకోవాలో తేల్చుకునేది ఆమె.